బెర్లిన్‌లో పప్పులు, పోపు దినుసులు, ఊరగాయలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ కొత్త సెమిస్టర్ మొదలయ్యేసరికి బెర్లిన్‌లో తెలుగు పిల్లలు దిగుతారు. ఉద్యోగాల మీద వచ్చే కుటుంబాలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. అందరూ అడిగేవి దాదాపు అవే సందేహాలు, అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. జర్మన్ పేర్లను పలికే తీరులో తెలుగులోనే రాశాను, షాపులో నోటితో అడగడానికి పనికొస్తాయి.

## బయల్దేరే ముందు

సూట్‌కేసులో చోటు తక్కువ. ఏం పెట్టుకోవాలి, ఏం వదిలేయాలి?

పప్పులు, బియ్యం, పసుపు, జీలకర్ర, ధనియాలు వదిలేయండి. ఇవన్నీ బెర్లిన్‌లో దొరుకుతాయి, బరువు దండగ. ఇక్కడ డబ్బు పెట్టినా దొరకనివి మన ఇంటి చేతివి: మీ ఇంట్లో వాడే కారం, సాంబారు పొడి, కందిపొడి, నల్లకారం, ఇంట్లో పెట్టిన ఊరగాయ. చోటంతా వీటికే ఇవ్వండి. ఎండబెట్టిన గోంగూర, మాగాయ ముక్కలు, గుమ్మడి వడియాలు తేలిగ్గా ఉంటాయి, నెలలు నిలుస్తాయి.

ఊరగాయని చెక్ఇన్ సామానులోనే పెట్టండి. క్యాబిన్ సంచిలో పెడితే ద్రవం కింద లెక్కేసి సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు. గాజు సీసా కంటే మందపాటి ప్లాస్టిక్ డబ్బా నయం. అంచు దాకా నింపకుండా రెండు వేళ్ల ఖాళీ వదిలి, మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, రెండు జిప్ కవర్లలో పెట్టండి. పైకి తేలిన నూనెని ముందే వేరే సీసాలోకి తీసేస్తే కారే భయం చాలా తగ్గుతుంది.

అమ్మ నెయ్యి, కోడి పచ్చడి పెడతానంటోంది. కస్టమ్స్‌లో పట్టుకుంటారా?

పట్టుకుంటే పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకురాకూడదు. కాబట్టి కోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా అన్నీ నిషేధమే. ఇంట్లో చేసినదా, కంపెనీ సీలు ఉన్నదా అన్నది చూడరు.

చేపలు, రొయ్యలకి నియమం వేరు. సొంత వాడకానికి మనిషికి 20 కిలోల వరకు అనుమతి ఉంది కాబట్టి రొయ్యల పచ్చడికి, ఎండు చేపలకి ఇబ్బంది లేదు. పచ్చి కాయలు, ఆకులు, విత్తనాలు, మొక్కలకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అది లేకుండా వచ్చేవి అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, డూరియన్ మాత్రమే. పచ్చి మామిడికాయలు, కరివేపాకు రెమ్మలు, కరివేప విత్తనాలు తేవద్దు. నెయ్యి గురించి దిగులు అక్కర్లేదు. ఇక్కడి వెన్న మంచిది, ఉప్పు కలపని వెన్న కరిగించి కాచుకుంటే అరగంటలో నెయ్యి అవుతుంది.

గసగసాలు తెచ్చుకోవచ్చా?

దుబాయ్, అబుధాబి మీదుగా వస్తుంటే ఒక్క గింజ కూడా వద్దు. అక్కడ గసగసాలు మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి, సామానులో దొరికితే కేసు అవుతుంది. సింగపూర్‌లోనూ నిషేధమే. గసగసాలు వేసి కొట్టిన మసాలా పొడి కూడా ఇంట్లోనే వదిలేయండి.

జర్మనీలో మాత్రం గసగసాలు మామూలు సరుకు. మోన్ అంటారు, కేకుల్లో వాడతారు, ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ ఉంటాయి. ఇవి నీలి బూడిద రంగువి కాబట్టి కూర కొంచెం నల్లబడుతుంది, రుచికి లోటు లేదు. కూర తెల్లగానే రావాలంటే తెల్ల గసగసాల కోసం టర్కీ షాపుల్లో హష్‌హష్ అని అడగండి.

## దిగిన మొదటి వారం

ఇండియన్ షాప్ ఒక్కటీ చాలదా? అన్ని రకాల షాపులు ఎందుకు తిరగాలి?

చాలుతుంది, కానీ ఖర్చు ఎక్కువవుతుంది, తాజా సరుకు తక్కువ దొరుకుతుంది. బెర్లిన్‌లో మన వంటింటి సరుకు నాలుగు రకాల షాపుల్లో పరుచుకుని ఉంటుంది.

కందిపప్పు, మినపగుళ్లు, ఇంగువ, ఇడ్లీ రవ్వ, ఊరగాయ సీసాలకి ఇండియన్ షాపే. కరివేపాకు, మునక్కాయ, పప్పునూనెలకి శ్రీలంక తమిళుల షాపు ముందు చూడండి. వాళ్ల వంట మన వంటకి దగ్గర, పైగా వాళ్లకి పచ్చి సరుకు వారం వారం దిగుతుంది. ధనియాలు, ఎండుమిర్చి, కొత్తిమీర, వంకాయలు, సెనగలకి టర్కీ, అరబ్బు షాపులు. నాయ్‌కొల్న్‌లోని జొన్నెన్ఆలే వీధి పొడుగునా ఇవే ఉంటాయి. మైబాఖ్ఊఫర్ కాలవ గట్టు మీద మంగళవారం, శుక్రవారం టర్కీ సంత జరుగుతుంది. సాయంత్రం సర్దేసే ముందు వెళితే కూరగాయలు ఇంకా తక్కువకి ఇచ్చేస్తారు. పెసరపప్పు, చింతపండు, పచ్చి మామిడి, పచ్చి మిరపకాయలకి వియత్నాం షాపులు. లిష్టెన్‌బెర్గ్‌లో డాంగ్ షువాన్ సెంటర్ అని వియత్నాం వాళ్ల పెద్ద హోల్‌సేల్ బజారు ఉంది, ఎం8 ట్రామ్ అక్కడికే వెళ్తుంది. మంగళవారం సెలవు.

మ్యాప్‌లో వెతికేటప్పుడు `Indian Grocery` ఒక్కటే కొట్టి ఆగిపోకండి. `Tamil Shop`, `Indischer Supermarkt`, `Asia Markt`, `Türkischer Supermarkt` కూడా కొట్టి చూస్తే ఇంటికి దగ్గరలోనే ఒకటి బయటపడుతుంది.

శనివారం రాత్రి దిగాను. ఆదివారం ఏమీ తెరిచి ఉండవట కదా?

నిజమే. జర్మనీలో ఆదివారం దుకాణాలకి సెలవు, ఇండియన్ షాపులకీ అంతే. పెద్ద రైల్వే స్టేషన్లలోని సూపర్‌మార్కెట్లు తెరిచి ఉంటాయి. అక్కడ బియ్యం, పెరుగు, ఎర్ర పప్పు, ఉల్లిపాయలు దొరుకుతాయి, ఒక రోజు గడిచిపోతుంది. సోమవారం షాపుకి వెళ్లేటప్పుడు జేబులో కొంత నగదు పెట్టుకోండి. చిన్న షాపులు కొన్నిచోట్ల మన దేశపు కార్డు తీసుకోవు.

ఇంటి పక్కన జర్మన్ సూపర్‌మార్కెట్ తప్ప ఏమీ లేదు. అక్కడ మనకి పనికొచ్చేవి ఏవి?

అనుకున్న దానికంటే ఎక్కువే. రోటె లింజెన్ అంటే మన మైసూరు పప్పు, ఎర్ర కందిపప్పు అని కూడా అంటాం. టమాటా పప్పుకి బాగుంటుంది, పావుగంటలో ఉడుకుతుంది. కిషెరెర్బ్సెన్ అంటే కాబూలీ సెనగలు. కుర్కుమా అంటే పసుపు, కొరియాండర్ అంటే ధనియాలు. మెంతుల్ని బాక్స్‌హార్న్‌క్లే అంటారు, అవి మసాలాల వరుసలో కనపడకపోతే ఆరోగ్య ఆహారం అమ్మే రిఫార్మ్‌హౌస్‌లో అడగండి. డీఎం అనే మందుల, సబ్బుల దుకాణంలో సేంద్రియ పప్పులు, సెనగపిండి కూడా పెడతారు, చాలామంది అటు చూడరు.

## పప్పులు

పసుపు రంగు పప్పులన్నీ ఒకేలా ఉన్నాయి. కందిపప్పు ఏదో, సెనగపప్పు ఏదో ఎలా పోల్చుకోవాలి?

మోసపోయేది ఎక్కువగా బఠాణీ పప్పు దగ్గర. జర్మన్ షాపుల్లో షేల్ఎర్బ్సెన్ అనో, గెల్బె ఎర్బ్సెన్ అనో రాసి ఉండేది ఎండు బఠాణీల బద్ద. దూరం నుంచి చూస్తే అచ్చం సెనగపప్పే. గుప్పెట్లో పోసుకుని చూడండి. బఠాణీ బద్ద నున్నగా, అన్నీ ఒకే కొలతలో, సరిగ్గా సగం గోళంలా ఉంటుంది. సెనగపప్పు అంచు కొంచెం ఎగుడుదిగుడుగా ఉండి, ఒక పక్కన చిన్న ముక్కు తేలి ఉంటుంది. ఉడికించాక తేడా ఇంకా స్పష్టం: సెనగపప్పు పలుకు నిలబడుతుంది, బఠాణీ పేస్టులా కరిగి పచ్చి బఠాణీ వాసన వేస్తుంది. పూర్ణానికి, మసాలా వడలకి అది పనికిరాదు.

గెల్బె లింజెన్ అన్న పేరు నమ్మదగ్గది కాదు. ఒక కంపెనీ పొట్టు తీసిన లెంటిల్స్‌కి, ఇంకో కంపెనీ పెసరపప్పుకి ఇదే పేరు పెడుతుంది. ప్యాకెట్ మీద తూర్ లేదా అర్హర్ అన్న మాట ఉంటేనే కందిపప్పు అనుకోండి. అందులోనూ ‘ఆయిలీ’ అని రాసి ఉంటే పురుగు పట్టకుండా నూనె పట్టించిన పప్పు. మన వంటకి పొడి పప్పే తేలిక. నూనెదే దొరికితే వేడినీళ్లతో, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి.

పెసరపప్పుకి వియత్నాం షాపుని మించింది లేదు. వాళ్లు మిఠాయిల్లోకి, జిగురు బియ్యం వంటల్లోకి పొట్టు తీసిన పెసరబద్దలు విపరీతంగా వాడతారు కాబట్టి సరుకు నిలవ ఉండదు, ఎప్పుడూ కొత్తదే.

ఇడ్లీకి నల్ల మినుములు అనుకుని బెలూగా లింజెన్ కొన్నాను. వాడొచ్చా?

పిండికి పనికిరావు. అవి నల్ల రంగు లెంటిల్స్, మినుములు కావు. మినప్పప్పు రుబ్బితే వచ్చే జిగురే పిండిని పొంగిస్తుంది, ఈ లెంటిల్స్‌లో ఆ జిగురు లేదు. వాటిని కూరలా వండుకుని తినేయండి. మినుముకి నల్లటి పొట్టు మీద పక్కన తెల్లటి గీత ఉంటుంది, బెలూగాకి ఆ గీత ఉండదు, గింజ కూడా బిళ్లలా చదునుగా ఉంటుంది. ఇండియన్ షాపులో ఉరిద్ గోటా, తమిళ షాపులో ఉళుందు అని అడిగితే మినపగుళ్లు ఇస్తారు. పప్పు పాతదో కొత్తదో తేల్చుకోవడానికి రుబ్బిన పిండిని చిటికెడు తీసి గిన్నెలో నీళ్లలో వేయండి. తేలితే మంచి పప్పు.

కుక్కర్‌లో ఆరు విజిల్స్ వచ్చినా కందిపప్పు మెత్తబడటం లేదు. పప్పు పాతదా?

పాతది కావచ్చు. కానీ బెర్లిన్‌లో ముందు అనుమానించాల్సింది నీళ్లని. ఇక్కడి కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున నెల తిరక్కుండా తెల్లటి పొర కట్టేది అదే. ఆ నీళ్లలోని కాల్షియం పప్పు గోడల్లో ఉండే పెక్టిన్‌ని పట్టుకుని బిగించేస్తుంది, అందుకే ఎంత మరిగినా బద్ద బద్దలాగే ఉండిపోతుంది. సెనగలకి, రాజ్మాకి ఈ బాధ ఇంకా ఎక్కువ.

ఏది కారణమో తేల్చుకోవడం సులువు. ఒకే ప్యాకెట్లోంచి రెండు గుప్పెళ్ల పప్పు తీసి, ఒకటి కుళాయి నీళ్లలో, ఇంకొకటి సీసా నీళ్లలోనో ఫిల్టర్ జగ్గు నీళ్లలోనో విడివిడి గిన్నెల్లో ఉడికించండి. రెండోది మెత్తబడి మొదటిది పడకపోతే తప్పు నీళ్లదే. రెండూ పడకపోతే పప్పు పాతది, ఆ షాపులో మళ్లీ ఆ ప్యాకెట్ కొనకండి.

నీళ్లే కారణమైతే ఫిల్టర్ జగ్గు నీళ్లలో పప్పుని గంటసేపు నానబెట్టి అవే నీళ్లలో ఉడికించండి. జగ్గు లేకపోతే చిటికెడు వంటసోడా చాలు, ఇక్కడ నాట్రోన్ అన్న పేరుతో చిన్న పొట్లాల్లో దొరుకుతుంది. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. చింతపండు, టమాటా మాత్రం పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే వేయండి. పులుపు కూడా పప్పుని బిగిస్తుంది.

చట్నీకి పుట్నాలు ఎక్కడ దొరుకుతాయి?

టర్కీ షాపులో, లెబ్లెబి పేరుతో. పసుపు రంగులో పొట్టు లేకుండా ఉండే సారి లెబ్లెబి మన పుట్నాల పప్పుకి దగ్గరగా ఉంటుంది. తెల్లగా, గట్టిగా ఉండేది ఉప్పు పట్టించిన రకం, దాంతో చట్నీ కుదరదు. నోట్లో వేసుకుంటే కరకరమని వెంటనే పొడి కావాలి, ఉప్పగా ఉండకూడదు.

## పోపు దినుసులు

జీలకర్ర వేసి పోపు పెడితే బ్రెడ్ వాసన వచ్చింది. ఎందుకు?

మీరు కొన్నది క్యూమెల్. జర్మన్లు రై బ్రెడ్‌లో, క్యాబేజీ కూరలో వేసే షాజీరా లాంటి గింజ అది. జీలకర్రకి ఇక్కడ పేరు క్రాయిట్స్‌క్యూమెల్. ముందున్న ఆ ‘క్రాయిట్స్’ లేకపోతే జీలకర్ర కాదు. గింజని చూసి కూడా చెప్పొచ్చు. జీలకర్ర తిన్నగా, లేత గోధుమ రంగులో, వేలితో రాస్తే కొంచెం నూగుగా తగులుతుంది. క్యూమెల్ నెలవంకలా వంగి, ముదురు రంగులో, నున్నగా ఉంటుంది. ష్వార్ట్స్‌క్యూమెల్ అని ఇంకొకటి ఉంది, అది నల్ల జీలకర్ర అనే కలోంజీ. టర్కీ షాపులో కిమ్యోన్ అని అడిగితే జీలకర్రే ఇస్తారు, పొడి కాకుండా గింజలు కావాలని చెప్పండి.

సూపర్‌మార్కెట్ ఆవాలు పసుపుగా, లావుగా ఉన్నాయి. పోపుకి, ఆవపిండికి వాడొచ్చా?

పోపులో చిటపటలాడతాయి, పని జరుగుతుంది. ఆవపిండికి మాత్రం వద్దు. ఆ పసుపు ఆవాలు దోసకాయలు ఊరబెట్టడానికి వాడే రకం, వాటి ఘాటు నాలుక మీదే ఆగిపోతుంది. మన ఆవకాయలో ముక్కుకెక్కే ఘాటు చిన్న గోధుమ, నలుపు ఆవాలది. అవి ఇండియన్ షాపులో ఉంటాయి. డబ్బాలో అమ్మే జెన్ఫ్‌మేల్ అనే ఆవపొడి కూడా పసుపు ఆవాలదే, దాన్నీ పక్కన పెట్టండి.

ఇక్కడి చిల్లీ పౌడర్ కూరలో వేస్తే పిజ్జా వాసన వస్తోంది. మంచి కారం ఎలా ఎంచుకోవాలి?

డబ్బా వెనక త్సూటాటెన్ అని ఉంటుంది, అంటే కలిపిన సరుకుల జాబితా. చాలా సూపర్‌మార్కెట్ చిల్లీ పొడుల్లో జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి, ఉప్పు కలిపి ఉంటాయి, మెక్సికో వంటకాల కోసం. జాబితాలో మిరప ఒక్కటే ఉన్నదే కొనండి. పాప్రికా పొడి అన్నది వేరు: ఎడెల్‌జ్యూస్ రకంలో కారం ఉండదు, రంగు ఉంటుంది. టర్కీ వాళ్ల పుల్ బిబెర్‌లో సాధారణంగా నూనె, ఉప్పు పట్టించి ఉంటాయి, ఊరగాయలో వేస్తే ఉప్పు లెక్క తప్పుతుంది. నాకు తెలిసిన మంచి దారి ఎండుమిర్చి కొని ఇంట్లో మిక్సీ పట్టుకోవడం.

కరివేపాకు ఎప్పుడు వెళ్లినా లేదంటున్నారు. ఎందుకింత కరువు?

మన దేశం నుంచి వచ్చే కరివేపాకుని పురుగుమందుల అవశేషాల కోసం యూరోపియన్ యూనియన్ సరిహద్దుల్లో ప్రత్యేకంగా తనిఖీ చేస్తారు. పచ్చి ఆకు కాబట్టి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమూ కావాలి. అందుకే కొద్దికొద్దిగా వస్తుంది, వచ్చిన రోజే అయిపోతుంది. షాపువాళ్లని “ఆకు ఏ రోజు దిగుతుంది?” అని అడిగి ఆ సాయంత్రమే వెళ్లండి. తమిళ షాపుల్లో అడిగితే ఒక కట్ట పక్కన పెట్టి ఉంచుతారు కూడా.

దొరికినప్పుడు రెండు మూడు కట్టలు కొనేయండి. కడగకుండా, రెమ్మల నుంచి ఆకు దూసి, తడి లేకుండా కవర్లో బిగించి ఫ్రీజర్లో పెట్టండి. వాడేటప్పుడు బయట పెట్టి కరగనివ్వకుండా తిన్నగా నూనెలో వేయండి. కరగనిస్తే నల్లబడి వాసన పోతుంది. ఎండబెట్టి అమ్మే ఆకులో గడ్డి వాసన తప్ప ఏమీ ఉండదు, కొనకండి. మొక్కల దుకాణంలో కుర్రిక్రౌట్ అని సన్నటి వెండి రంగు ఆకుల మొక్క కనిపిస్తుంది. పేరులో కర్రీ ఉన్నా అది మన కరివేప కాదు.

చింతపండు ఏది కొనాలి? పేస్టు, ఇటుక, కాయలు అన్నీ ఉన్నాయి.

చారుకి, పులుసుకి థాయిలాండ్ ఇటుక మంచిది. గింజ తీసి మెత్తగా నొక్కి ఉంటుంది, పులుపు మన కొత్త చింతపండులా ఉంటుంది. కూర నల్లబడదు. పులిహోరకి ముదురు రంగు కావాలంటే ఇండియన్ షాపులో పాత చింతపండు. నల్లటి కాన్సన్ట్రేట్ సీసా తొందర పనికి పర్వాలేదు గానీ అర చెంచా ఎక్కువైనా చేదు తేలుతుంది. అట్టపెట్టెలో అమ్మే గోధుమ రంగు కాయలు తీపి చింతకాయలు, తినడానికే.

## ఊరగాయలు

షాపులో ఊరగాయ సీసాలు పదుల కొద్దీ ఉన్నాయి. మన రుచి ఏదో తెరవకుండా ఎలా తెలుసుకోవాలి?

ముందు పేరు చదవండి, తర్వాత వెనక జాబితా. ‘మ్యాంగో పికిల్’ అని మాత్రమే ఉంటే ఎక్కువసార్లు సోంపు, కలోంజీ వేసిన ఉత్తరాది అచార్ అవుతుంది. ‘ఆవకాయ’, ‘ఆంధ్రా’ అన్న మాట ఉందేమో చూడండి. జాబితాలో సోంపు కనపడితే ఆ సీసా మన పెరుగన్నంలోకి కుదరదు.

యూరప్ నియమం ప్రకారం జాబితాలో మొదట వచ్చేది బరువులో ఎక్కువ ఉన్నది. సీసా పేరులో ఉన్న సరుకు పక్కన ఎంత శాతమో కూడా రాయాలి. గోంగూర సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని గోంగూర పక్కన ఉన్న శాతం పోల్చండి. నూనె, ఉప్పు ముందుకొచ్చి ఆకు వెనక్కి పోయినదాన్ని వదిలేయండి. ఇ260 అంటే వెనిగర్ పులుపు. అది ఉన్న ఊరగాయ మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది, గొంతు దగ్గర పట్టినట్టు ఉంటుంది.

నిమ్మకాయ ఊరగాయ ఇక్కడి నిమ్మకాయలతో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కాయ ఎంపికలోనే అంతా ఉంది. పసుపు రంగు త్సిట్రోనెకి తొక్క మందం, తెల్లటి పొర ఎక్కువ, ఊరడానికి నెలలు పట్టి చేదు మిగులుతుంది. పల్చటి తొక్క ఉన్న ఆకుపచ్చ లిమెట్టె మన నిమ్మకాయకి దగ్గర. తొక్కతో సహా తింటాం కాబట్టి ఒక సంగతి తప్పకుండా చూడాలి: మామూలు కాయలకి బూజు పట్టకుండా మందు, మైనం పూస్తారు, తొక్క తినడానికి పనికిరాదని వలసంచి మీద రాస్తారు కూడా. సేంద్రియం అని చెప్పే బియో గుర్తు ఉన్నవే కొనండి. గోరువెచ్చని నీళ్లలో కడిగి, తుడిచి, రాత్రంతా బట్ట మీద ఆరనివ్వండి. హీటర్ ఉన్న గది అయితే తెల్లారేసరికి తడి పూర్తిగా పోతుంది.

ఆవకాయ ఇక్కడే పెట్టుకోవాలని ఉంది. మొదటి నుంచి చివరి దాకా సరుకు ఎలా పోగు చేయాలి?

కాయతో మొదలుపెట్టండి, అది దొరక్కపోతే మిగతావి కొనడం అనవసరం. సూపర్‌మార్కెట్లో ఆకుపచ్చగా, రాయిలా ఉండే మామిడికాయ చూసి ఆశపడకండి. ఆ రకాలకి తొక్క పండినా పచ్చగానే ఉంటుంది, కోస్తే లోపల పసుపుగా తియ్యగా ఉంటుంది. వియత్నాం షాపులో పచ్చి మామిడి ఏడాదిలో చాలా నెలలు ఉంటుంది, పులుపు కొంచెం తక్కువ. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య తమిళ, ఇండియన్ షాపుల్లో మన దేశపు కాయలు దిగుతాయేమో అడుగుతూ ఉండండి. ముందు ఒకటే కొని కోయండి: లోపల తెల్లగా ఉండాలి, టెంక కత్తికి గట్టిగా తగలాలి, నాలుక మీద పెడితే పళ్లు పులవాలి. మూడూ ఉంటే మిగతా కాయలు కొనండి.

టెంకతో ముక్క కొట్టడానికి ఇక్కడ కత్తిపీట ఉండదు. బరువైన చాపర్ కత్తిని కాయ మీద నిలబెట్టి చెక్క సుత్తితో కొట్టండి. జీడి తీసేసి, టెంక లోపలి పల్చటి పొర గీకి, పొడి బట్టతో ముక్క ముక్కా తుడవండి.

ఆవాలు చిన్న గోధుమ రకం. ఎండ లేదని ఓవెన్లో పెట్టేటప్పుడు 50 డిగ్రీలు దాటనివ్వకండి. ఆవాల ఘాటు వాటిలోని ఒక ఎంజైమ్ వల్ల పుడుతుంది, వేడెక్కువైతే అది చచ్చిపోయి చేదు మిగులుతుంది. మిక్సీలోనూ ఆపి ఆపి తిప్పండి. ఉప్పు అయోడిన్ కలపని రాళ్ల ఉప్పు, గ్రోబెస్ మేయర్‌జాల్ట్స్ అంటారు, ఆరబెట్టి పొడి చేసుకోవాలి.

నూనె దగ్గర జాగ్రత్త. చైనా వంటకి వాడే ముదురు రంగు జేజామ్ఓల్ వేయించిన నువ్వులది, అది పోస్తే జాడీ అంతా నూడుల్స్ వాసన. మనకి కావలసింది వేయించని నువ్వుల నూనె. తమిళ షాపులో నల్లెణ్ణై అని అడగండి.

ముక్కలు ఆరు గ్లాసులైతే ఆవపిండి ఒకటి, కారం ఒకటి, ఉప్పు ముప్పావు, నూనె రెండు గ్లాసులు, గుప్పెడు మెంతులు. మూడో రోజు అడుగు నుంచి తిరగ కలిపి ఉప్పు చూడండి. నూనె ముక్కల పైకి తేలకపోతే కాచి పూర్తిగా చల్లార్చి పోయండి. వియత్నాం కాయతో పెడితే ముక్క త్వరగా మెత్తబడుతుంది. దాన్ని కొంచెంగా పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి రెండు నెలల్లో తినేయడం మంచిది.

గోంగూర ఆకు దొరకదా?

పచ్చి ఆకు చాలా అరుదు. ఇండియన్ షాపుల ఫ్రీజర్లలో అప్పుడప్పుడు ఉంటుంది, పప్పుకి బాగానే సరిపోతుంది. వసంతంలో సంతల్లో జావర్ఆంఫర్ అనే పుల్లటి ఆకు వస్తుంది. పప్పులో వేస్తే పులుపు దగ్గరగానే ఉంటుంది. పచ్చడికి మాత్రం నీరైపోయి జారిపోతుంది, గోంగూర పీచు దానికి లేదు.

ఉసిరికాయ అని ష్టాఖెల్‌బేరె కొన్నాను, ఇదేనా?

కాదు. వేసవిలో వచ్చే ఆ కాయ మెత్తగా, ద్రాక్షలా రసంగా ఉంటుంది, లోపల గట్టి గింజ ఉండదు. మన ఉసిరి ఇండియన్ షాపుల్లో గడ్డకట్టించి అమ్ముతారు, ఆమ్లా అని రాసి ఉంటుంది. పులిహోరకీ, పప్పుకీ సరే. ఉసిరికాయ పచ్చడికైతే కరిగాక వచ్చే నీటిని పూర్తిగా పిండి, వేయించి వాడాలి.

## ఇంటికి తెచ్చాక

పప్పు డబ్బాలో సన్నటి దారాలు, చిన్న రెక్కల పురుగులు కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

అవి వంటింటి చిమ్మట పురుగులు. ఒక ప్యాకెట్లో గుడ్లు వస్తే అలమారా అంతా పాకుతాయి, ప్లాస్టిక్ కవర్లు కొరికేస్తాయి. పట్టిన పప్పు పారేయండి. పిండి, రవ్వ, ఎండుమిర్చి, వేరుశనగలు కూడా ఒక్కొక్కటి విప్పి చూడండి, మూలల్లో దారాలు, ఉండలు కట్టిన పిండి ఉంటే అవీ పోవాల్సిందే. అరల చీలికల్ని వేడి గాలి వచ్చే హెయిర్ డ్రయ్యర్‌తో పట్టండి, గుడ్లు అక్కడే ఉంటాయి. డీఎం లాంటి దుకాణాల్లో వీటికి జిగురు అట్టలు దొరుకుతాయి. అట్టకి మగ పురుగులే అంటుకుంటాయి కాబట్టి అవి ఇంకా ఉన్నాయా లేదా తెలుసుకోవడానికే పనికొస్తుంది. ఇకపై కొత్త పప్పు ఇంటికి రాగానే ప్యాకెట్ విప్పకుండా వారం రోజులు ఫ్రీజర్లో ఉంచి, తీశాక గది వేడికి వచ్చేదాకా ఆగి, పైన తడి ఆరాక మూత గట్టిగా ఉండే గాజు సీసాల్లోకి పోసుకోండి.